వావిలి బెత్తాలు, కొర్రన్నం కల: ఒక ఊరు కన్న నాలుగక్షరాల మాటలు

చైనాలో హాన్‌దాన్ అని ఒక ఊరుంది. బీజింగ్ నుంచి దక్షిణంగా సుమారు 400 కిలోమీటర్లు. ఇప్పుడది ఉక్కుకూ బొగ్గుకూ పేరున్న పారిశ్రామిక నగరం. అయినా ఆ పేరు వినగానే చదువుకున్న చైనావాళ్లకు ఫ్యాక్టరీలకన్నా ముందు సామెతలు గుర్తొస్తాయి. క్రీ.పూ. 386 నుంచి క్రీ.పూ. 228 దాకా అది జావ్ అనే రాజ్యానికి రాజధాని. చుట్టూ అరడజను రాజ్యాలు ఒకదాన్నొకటి మింగాలని చూస్తున్న కాలం. ఆ కాలంలో ఈ ఊళ్లో జరిగిన పంతాలు, పొరపాట్లు, తెలివితేటలు, పరాభవాలు ఒక్కొక్కటీ నాలుగేసి అక్షరాల్లో ఒదిగి ఇవాళ్టికీ చైనా ఇళ్లలో, ఆఫీసుల్లో, వార్తాపత్రికల్లో వినిపిస్తున్నాయి.

ఇలాంటి మాటను చైనా భాషలో ‘చెంగ్‌యూ’ అంటారు. అక్కడ ఒక అక్షరమంటే ఒక పలుకు. పాత భాషలో చాలావరకు ఒక అక్షరమే ఒక మాట కూడా. అందుకని నాలుగు పలుకుల్లో ఒక వాక్యం పట్టేస్తుంది. ఎక్కువ చెంగ్‌యూలు నాలుగక్షరాలవే. వాటి వ్యాకరణం రెండు వేల ఏళ్ల కిందటి గ్రంథాలది కాబట్టి విభక్తులూ అతుకులూ ఉండవు. వరుస మార్చకూడదు, నచ్చిన అక్షరం ఇరికించకూడదు. అన్నిటికీ వెనక కథలుండవు. చాలావాటిలో వర్ణన ఉంటుంది, అంతే. కథ ఉన్నవాటి సంగతి వేరు. వాటిలో నాలుగక్షరాలు ఆ కథకు పెట్టిన పేరు. కథ తెలియనివాడు నిఘంటువు ముందేసుకుని అక్షరం అక్షరం చదివినా లాభం ఉండదు.

ఒక చిన్నదానితో మొదలుపెడదాం.

హాన్‌దాన్‌లో నడక

‘హాన్‌దాన్ ష్యూ బూ.’ మొదటి రెండక్షరాలూ ఊరి పేరు. ‘ష్యూ’ అంటే నేర్చుకోవడం, ‘బూ’ అంటే అడుగు. హాన్‌దాన్‌లో నడక నేర్చుకోవడం. ‘జువాంగ్‌జి’ అనే ప్రాచీన తాత్విక గ్రంథంలో ఈ కథ రెండు ముక్కల్లో వస్తుంది. యెన్ అనే పొరుగు రాజ్యపు కుర్రాడొకడు హాన్‌దాన్ జనం నడిచే తీరు చూసి ముచ్చటపడి, నేర్చుకుందామని వచ్చాడు. ఆ నడక అబ్బలేదు. ఈలోగా తన నడక మరిచిపోయాడు. చివరికి ఇంటికి పాకుతూ వెళ్లాడు.

మనకు దీనికి జోడీ వెతుక్కోనక్కర్లేదు. హంస నడక రాకపోగా కాకి తన నడక మరిచిందని మనమూ అంటాం. కాకపోతే మన సామెతలో కాకిని కాకిగా పుట్టినందుకే కొంచెం చిన్నచూపు చూస్తాం. చైనా కథలో కుర్రాడి సొంత నడకకు ఏ లోపమూ లేదు. పట్నం నడక చూసి తన ఊరి నడకను తీసిపారెయ్యడమే అతని తప్పు. ఆ పాటి తేడా మినహా రెండూ ఒకటే. హాన్‌దాన్‌లో ఈ కథ పేరుతో ఒక పాత రాతి వంతెన ఉంది. కుర్రాడు నడక నేర్చుకున్నది దాని మీదేనని ఊరివాళ్లు చెబుతారు. ‘జువాంగ్‌జి’లో వంతెన ప్రస్తావనే లేదు.

చెక్కుచెదరకుండా జావ్‌కు

అసలు కథలకు మూలపురుషుడు సిమా చ్యెన్. క్రీ.పూ. 100 ప్రాంతంలో రాసిన తన మహాచరిత్ర ‘షీజీ’లో ఆయన జావ్ రాజ్యపు ఇద్దరు పెద్దల జీవితాలు ఒకే అధ్యాయంలో చెప్పాడు. ఒకరు సేనాపతి ల్యెన్ పో. రెండోవాడు లిన్ శ్యాంగ్‌రూ. అతను ఒక అంతఃపుర అధికారి ఇంట్లో ఆశ్రితుడు.

జావ్ రాజు చేతికి ఒక జేడ్ బిళ్ళ వచ్చింది. అరచేతి పళ్లెంలా గుండ్రంగా, నడుమ రంధ్రంతో ఉండే ఇలాంటి బిళ్ళలను ‘బీ’ అంటారు. ఇది మామూలు ‘బీ’ కాదు, దేశమంతా పేరు విన్న రాయి. పడమట ఉన్న చిన్ రాజ్యం అప్పటికే అందరికన్నా బలమైనది. ఆ రాజు కబురు పెట్టాడు: బిళ్ళ ఇవ్వండి, బదులుగా 15 నగరాలిస్తాను. ఇస్తే నగరాలు రావని జావ్ కొలువులో అందరికీ తెలుసు. ఇవ్వకపోతే సైన్యం వస్తుందనీ తెలుసు. ఈ పితలాటకంలోకి క్రీ.పూ. 283లో లిన్ శ్యాంగ్‌రూ దూతగా దిగాడు. నగరాలు దక్కితే రాయి అక్కడే వదిలి వస్తాను, దక్కకపోతే చెక్కుచెదరకుండా వెనక్కి తెస్తానని రాజుకు మాటిచ్చాడు.

చిన్ రాజు బిళ్ళ అందుకుని మురిసిపోయి రాణులకూ పరివారానికీ చూపించాడు. జేజేలు మోగాయి. నగరాల ఊసు లేదు. లిన్ ముందుకొచ్చి, ‘ప్రభూ, ఆ రాయిలో ఒక చిన్న మచ్చ ఉంది, చూపిస్తాను’ అన్నాడు. రాయి చేతికి రాగానే వెనక్కి జరిగి స్తంభానికి వీపు ఆనించి నిలబడ్డాడు. కోపంతో లేచిన వెంట్రుకలు తల మీది కిరీటపు టోపీని పైకి నెట్టాయని సిమా చ్యెన్ రాశాడు. ఆ ఒక్క వర్ణన నుంచీ మరో నాలుగక్షరాల మాట పుట్టింది: ‘నూ ఫా చోంగ్ గ్వాన్’, కోపపు జుట్టు టోపీని తన్నింది. ‘బలవంతం చేస్తే నా తలా ఈ రాయీ ఒకేసారి ఈ స్తంభానికి పగులుతాయి’ అన్నాడు లిన్. రాయి పగిలిపోతుందన్న భయంతో చిన్ రాజు మెత్తబడ్డాడు. పటం తెప్పించి, ఇదుగో ఇక్కడి నుంచి ఇక్కడిదాకా 15 నగరాలు మీవేనని వేలుపెట్టి చూపించాడు.

లిన్ నమ్మలేదు. ఇంతటి నిధిని అందుకోవాలంటే తమరు అయిదు రోజులు నియమంగా ఉపవాసముండాలని షరతు పెట్టాడు. ఆ అయిదు రోజుల్లో తన మనిషికి ముతక బట్టలు కట్టించి, బిళ్ళను ఒంట్లో దాపించి, అడ్డదారిన జావ్‌కు పంపేశాడు. ఆరో రోజున కొలువులో నిలబడి, ‘రాయి వెళ్లిపోయింది. మీ వంశంలో మాట నిలబెట్టుకున్న రాజు లేడు. ముందు నగరాలివ్వండి, రాయి అదే వస్తుంది. నన్ను మరిగే కాగులో వేయించుకుంటే వేయించుకోండి’ అన్నాడు. చంపితే రాయీ రాదు, పరువూ పోతుందని లెక్కవేసుకుని చిన్ రాజు అతన్ని మర్యాదగా పంపించాడు. చివరికి చిన్ నగరాలివ్వలేదు, జావ్ రాయివ్వలేదు.

‘వాన్ బీ గ్వే జావ్’ అంటే ‘చెక్కుచెదరని బిళ్ళ జావ్‌కు తిరిగొచ్చింది’ అని. ఇంత పెద్ద కథ ఇప్పుడు చాలా చిన్న పనికి వాడుకలో ఉంది. స్నేహితుడి పుస్తకమో గొడుగో తెచ్చి ఇచ్చేటప్పుడు చైనావాడు నవ్వుతూ ఈ నాలుగక్షరాలు అంటాడు. ‘నీ సొమ్ము పదిలంగా తెచ్చా’ అన్నంత మాట. అసలు రాయి మాత్రం జావ్‌లో మిగల్లేదు. క్రీ.పూ. 237లో లీ స్సు అనే మంత్రి చిన్ రాజుకు రాసిన విన్నపంలో, ఆయన దగ్గరున్న నిధుల వరుసలో ఈ రాయి పేరూ ఉంది.

వావిలి బెత్తాలు

దౌత్యాల్లో రెండుసార్లు రాజు పరువు కాపాడినందుకు లిన్‌కు పెద్ద పదవి దక్కింది. అది సేనాపతి ల్యెన్ పో కన్నా ఒక మెట్టు పైన. కోటలు పట్టి, యుద్ధాలు గెలిచి ముసలివాడైన ల్యెన్ పోకు ఒళ్లు మండింది. ‘వీడు నోటితో పైకొచ్చాడు. పుట్టుక చూస్తే నీచం. ఎదురుపడితే అవమానించి తీరతాను’ అని నలుగురిలో అన్నాడు.

అది విన్నప్పటి నుంచి లిన్ కొలువుకు రావడం తగ్గించాడు, ఒంట్లో బాగాలేదని. ఒకరోజు దారిలో దూరాన సేనాపతి బండి కనిపిస్తే తన బండి వెనక్కి తిప్పించాడు. హాన్‌దాన్‌లో ఒక సన్నటి సందును చూపించి, బండి తిప్పింది ఇక్కడేనని చెబుతారు. దానికి ‘బండి తిప్పిన సందు’ అనే పేరు. లిన్ మనుషులకు తలకొట్టేసినట్టయింది. ‘మీ దొడ్డతనం చూసి మీ నీడన చేరాం. మామూలువాడు కూడా ఇంత పిరికిగా తప్పుకోడు. మమ్మల్ని పంపించేయండి’ అన్నారు.

లిన్ అడిగాడు: ‘సేనాపతి గారు ఎక్కువా, చిన్ రాజు ఎక్కువా?’

‘చిన్ రాజే.’

‘ఆ చిన్ రాజును అతని కొలువులోనే నిలబడి గద్దించినవాణ్ని, సేనాపతి గారికి భయపడతానా? మేమిద్దరం ఉన్నాం కాబట్టే చిన్ మన మీదికి రావడం లేదు. రెండు పులులు కలబడితే రెండూ మిగలవు. దేశం పని ముందు, నా పంతం తర్వాత.’

ఈ మాట చేరినప్పుడు ల్యెన్ పో చేసిన పనే ‘ఫూ జింగ్ చింగ్ జ్వే’. ‘ఫూ’ అంటే వీపున మొయ్యడం. ‘జింగ్’ ఒక పొద. ‘చింగ్ జ్వే’ అంటే నేరానికి శిక్ష అడగడం. సేనాపతి చొక్కా విప్పి, వీపున బెత్తాల కట్ట కట్టుకుని, లిన్ ఇంటి గుమ్మం దాకా నడిచి వచ్చాడు. దీంతో నన్ను కొట్టండి అని దాని అర్థం.

ఈ కథ ఇంగ్లీషు నుంచి మనకు వచ్చినప్పుడు ‘ముళ్లకంప మోసుకొచ్చాడు’ అని వస్తుంది. ముళ్లు ఆ కథలో లేవు. ‘జింగ్’ అనేది ఉత్తర చైనా కొండల్లో విరివిగా పెరిగే వావిలి జాతి పొద, మన చేలగట్ల మీది వావిలికి సొంత చుట్టం. దాని కొమ్మలు సన్నగా, వంగేలా, గట్టిగా ఉంటాయి. బుట్టలు అల్లుతారు, అప్పట్లో నేరస్థులను కొట్టడానికి బెత్తాలుగా వాడేవారు. ముళ్లు మోసేవాడు తన్ను తాను హింసించుకుంటున్నాడు. బెత్తాలు మోసేవాడు కొట్టే హక్కును ఎదుటివాడి చేతిలో పెడుతున్నాడు. ల్యెన్ పో చేసింది రెండోది. అందుకే దీన్ని తెలుగులోకి తెస్తే ‘వావిలి బెత్తాలు మోసుకొచ్చి తప్పొప్పుకోవడం’ అనాలి. ఆనాటి నుంచి ఆ ఇద్దరూ ఒకరి కోసం ఒకరు మెడ కోసుకునేంత స్నేహితులయ్యారు. ఆ స్నేహానికీ ఒక చెంగ్‌యూ ఉంది, ‘వెన్ జింగ్ జ్ర్ జ్యావ్’. అందులోని ‘జింగ్’ వేరే అక్షరం, దానికి మెడ అని అర్థం.

కాగితం మీద యుద్ధం

నా దృష్టిలో హాన్‌దాన్ మాటలన్నిటిలో బరువైనది ఇది. దీని వెనక లక్షల శవాలున్నాయి.

క్రీ.పూ. 260 నాటికి పరిస్థితి తారుమారైంది. లిన్ మంచం పట్టాడు. పాత రాజు పోయి కొడుకు వచ్చాడు. ఒక పొరుగు ప్రాంతం కోసం మొదలైన తగువుతో చిన్, జావ్ సైన్యాలు ఛాంగ్‌పింగ్ అనేచోట ఎదురెదురుగా నిలిచాయి. ఇప్పటి షాన్‌షీ రాష్ట్రంలోని గావ్‌పింగ్ దగ్గర అది. ల్యెన్ పో కోట గోడలు కట్టుకుని లోపల కూర్చున్నాడు. శత్రువు దూరం నుంచి వచ్చాడు, తిండి మోసుకురావాలి, ఎంత జాప్యమైతే అంత అలసిపోతాడు అన్నది ఆయన లెక్క. ఆ లెక్క కుదురుతోంది కూడా. కుర్ర రాజుకే అది పిరికితనంగా కనిపించింది. చిన్ మంత్రి బంగారం వెదజల్లి హాన్‌దాన్‌లో ఒక పుకారు పుట్టించాడు: ‘ముసలి ల్యెన్ పో సంగతి మేం చూసుకుంటాం. మా భయమల్లా జావ్ క్వో సేనాపతి అవుతాడేమోనని.’

జావ్ క్వో పేరున్న సేనాపతి జావ్ షె కొడుకు. చిన్నప్పటి నుంచి యుద్ధశాస్త్రం కంఠతా. వాదనలో తండ్రిని కూడా నోరెత్తనిచ్చేవాడు కాదు. తండ్రి మాత్రం ఏనాడూ మెచ్చుకోలేదు. భార్య ఎందుకని అడిగితే, ‘యుద్ధమంటే చావు. వీడు దాన్ని తేలిగ్గా మాట్లాడతాడు. వీణ్ని సేనాపతిని చేస్తే సైన్యాన్ని ముంచేది వీడే’ అన్నాడట.

రాజు అతన్నే సేనాపతిని చేశాడు. మంచంలో నుంచి లిన్ వద్దన్నాడు. అతనికి తండ్రి పుస్తకాలు చదవడం వచ్చు గాని, సమయానికి తగ్గట్టు మార్చుకోవడం రాదు, తంత్రీవాద్యం మెట్లను జిగురుతో అంటించేసి వాయించినట్టుంటుందని చెప్పాడు. ‘జ్యావ్ జూ గూ స్సె’ అని అదీ ఒక చెంగ్‌యూ అయింది. రాజు వినలేదు. చివరికి తల్లే రాజుకు లేఖ రాసింది. ఆమె చెప్పిన వివరాలు సిమా చ్యెన్ రాసిపెట్టాడు. ఒక మనిషిని అంచనా వెయ్యడానికి ఇంతకన్నా పదునైన పద్ధతి ఉందనుకోను. తండ్రి సేనాపతిగా ఉన్నప్పుడు పదులమందికి తన చేత్తో తిండి వడ్డించేవాడు. వందలమందిని స్నేహితులుగా చూసేవాడు. రాజు ఇచ్చిన కానుకలన్నీ సైనికాధికారులకు పంచేవాడు. యుద్ధానికి ఆజ్ఞ వచ్చిన రోజు నుంచి ఇంటి సంగతులు అడిగేవాడు కాదు. కొడుకు సేనాపతి కాగానే తూర్పుముఖంగా దర్జాగా కూర్చున్నాడు, అధికారులెవరూ తలెత్తి చూసే ధైర్యం చెయ్యలేదు. రాజు ఇచ్చిన బంగారమూ పట్టూ ఇంట్లో దాచాడు. రోజూ చవగ్గా దొరికే పొలాలూ ఇళ్లూ ఏమున్నాయా అని వాకబు చేస్తున్నాడు. ‘ఇతన్ని పంపకండి. పంపితే మాత్రం, రేపు జరగరానిది జరిగినప్పుడు మా కుటుంబాన్ని శిక్షించకండి’ అని ఆమె మాట తీసుకుంది. రాజు ఆ మాట నిలబెట్టుకున్నాడు.

క్వో వెళ్లగానే పాత ఏర్పాట్లన్నీ మార్చేశాడు. చిన్ వాళ్లు గుట్టుచప్పుడు కాకుండా తమ భయంకర సేనాని బాయ్ చీని దింపారు. ఓడినట్టు నటించి వెనక్కి జరిగారు. క్వో గోడలు వదిలి తరుముకుంటూ బయటికి వచ్చాడు. వెనక నుంచి తిండి వచ్చే దారి తెగిపోయింది. 46 రోజులు తిండి లేదు. లోపల మనుషులు మనుషులనే తిన్నారని రాసి ఉంది. క్వో స్వయంగా చీల్చుకుని బయటపడబోయి బాణాలకు కూలాడు. లొంగిపోయిన సైనికులను బాయ్ చీ చంపించాడు. చిన్నపిల్లల్లాంటి 240 మందిని మాత్రం వదిలిపెట్టాడు, హాన్‌దాన్‌కు వెళ్లి కబురు చెప్పడానికి. మొత్తం పోయినవాళ్లు 4,50,000 అని సిమా చ్యెన్ లెక్క. ఆ అంకె పెద్దదని నేటి చరిత్రకారులు చాలామంది అనుమానిస్తారు. సామూహిక హత్య జరగడం మాత్రం కట్టుకథ కాదు. 1995లో గావ్‌పింగ్ దగ్గర యుంగ్‌లూ అనే పల్లెలో తవ్వితే గుంటల్లో కుప్పలుగా పడేసిన అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఎముకల్లో బాణపు ములుకులున్నాయి, పుర్రెల మీద వేట్ల గుర్తులున్నాయి.

‘జ్ర్ షాంగ్ తాన్ బింగ్’: కాగితం, మీద, మాట్లాడు, యుద్ధం. ఇందులో ఒక చిక్కుంది. క్రీ.పూ. 260లో చైనాలో రాత కాగితం లేదు. క్వో చదివినవి వెదురుపలకల మీది పుస్తకాలు. సిమా చ్యెన్ గ్రంథంలో కథ ఉంది గాని ఈ నాలుగక్షరాలు లేవు. కాగితం వచ్చి, బాగా పాతబడ్డాక ఎవరో ఆ పాత కథకు ఈ పేరు తగిలించారు. చాలా చెంగ్‌యూలు ఇంతే, కథకూ మాటకూ మధ్య శతాబ్దాల ఎడం ఉంటుంది. తెలుగులో దీనికి ‘నేల విడిచిన సాము’ సరిగ్గా అతుకుతుంది. చర్చలో బ్రహ్మాండంగా ఉండి అమల్లో కూలిపోయే పథకాన్ని చైనా పత్రికలు ఈ మాటతోనే ఏకిపారేస్తాయి.

సంచిలోని దబ్బనం

ఛాంగ్‌పింగ్ తర్వాత చిన్ సైన్యం హాన్‌దాన్‌నే చుట్టుముట్టింది. రాజబంధువు పింగ్‌యువాన్ ప్రభువు చూ రాజ్యాన్ని సాయమడగడానికి బయల్దేరాడు. తన దగ్గరున్న వేలమంది ఆశ్రితుల్లోంచి 20 మందిని ఎంచుకోవాలనుకుంటే 19 మందే తేలారు. అప్పుడు మావ్ స్వే అనేవాడు తనంతట తానే ముందుకొచ్చి నన్ను తీసుకెళ్లండన్నాడు.

‘ఎన్నాళ్లయింది నా దగ్గరకొచ్చి?’

‘మూడేళ్లండి.’

‘పనిమంతుడు సంచిలో వేసిన దబ్బనం లాంటివాడు. మొన వెంటనే బయటికొస్తుంది. మూడేళ్లలో నీ పేరు ఒక్కరూ ఎత్తలేదు. నువ్వు ఉండిపో.’

‘నన్ను సంచిలో వెయ్యమనే ఇవాళ అడుగుతున్నానండి. ముందే వేసి ఉంటే మొనే కాదు, దబ్బనం మొత్తం బయటికొచ్చేది.’

మిగతా 19 మంది ఒకరినొకరు చూసుకుని కళ్లతో నవ్వుకున్నారు. అయినా ప్రభువు తీసుకెళ్లాడు. చూ కొలువులో పొద్దున మొదలైన మంతనం మధ్యాహ్నమైనా తేలలేదు. మావ్ స్వే కత్తి మీద చెయ్యి వేసి మెట్లెక్కాడు. దిగిపొమ్మని చూ రాజు గద్దిస్తే, ‘పది అడుగుల దూరంలో మీ సైన్యమెంతున్నా పనికిరాదు. మీ ప్రాణం నా చేతిలో ఉంది’ అంటూ మొదలుపెట్టాడు. బెదిరింపుతో ఆగలేదు. ఇదే బాయ్ చీ మీ రాజధానిని పట్టుకున్నాడు, మీ పూర్వీకుల సమాధులను తగలబెట్టాడు, ఈ పొత్తు మా కోసం కాదు, మీ పగ కోసమే అని గుర్తు చేశాడు. చూ రాజు అక్కడికక్కడే రక్తం పూసుకుని ప్రమాణం చేశాడు. క్రీ.పూ. 257లో చూ, వెయ్ రాజ్యాల సేనలు వచ్చి ముట్టడి విడిపించాయి.

ఈ ఒక్క సంఘటన నుంచి ఎన్ని మాటలు పుట్టాయో చూడండి. ‘మావ్ స్వే జ్ జ్యెన్’ అంటే మావ్ స్వే తన్ను తాను సిఫారసు చేసుకున్నాడని. ఉద్యోగానికి, కొత్త బాధ్యతకు ఎవరూ పిలవకుండానే ముందుకొచ్చినప్పుడు వాడతారు. ‘తువో యింగ్ అర్ చూ’ అంటే దబ్బనం సంచి చీల్చుకుని బయటపడటం. పోటీలో అనామకుడు అందరినీ దాటిపోయినప్పుడు క్రీడావార్తల్లో ఇది తప్పకుండా ఉంటుంది. ఆ 19 మందిని మావ్ స్వే వెటకారంగా ‘యిన్ రెన్ చెంగ్ షీ’ అన్నాడు, అంటే పరుల పుణ్యాన పని అయినవాళ్లని. తిరిగొచ్చాక పింగ్‌యువాన్, అతని మాట జావ్‌ను తొమ్మిది కంచు కాగులకన్నా బరువైనదాన్ని చేసిందని పొగిడాడు. ఆ కాగులు రాజాధికారానికి గుర్తు. అందులోంచి ‘యీ యెన్ జ్యూ దింగ్’ వచ్చింది, ఒక్క మాట తొమ్మిది కాగుల పెట్టు. మాట తప్పని మనిషి గురించి ఇప్పుడు అలా అంటారు.

ఇదే హాన్‌దాన్‌లో ఆ రోజుల్లోనే ల్యూ బూవెయ్ అనే వ్యాపారి, బందీగా ఉంచిన ఒక చిన్ రాకుమారుణ్ని చూసి, ‘అరుదైన సరుకు, కొని పెట్టుకోవచ్చు’ అన్నాడు. ‘చీ హువో కో జూ.’ ధర పెరుగుతుందని సరుకు దాచేవాళ్ల గురించి ఇప్పుడు వాడతారు. ఆ రాకుమారుడి కొడుకు క్రీ.పూ. 259లో హాన్‌దాన్‌లోనే పుట్టాడు. పెరిగి చిన్ రాజై, క్రీ.పూ. 228లో తన సేనలతో హాన్‌దాన్‌ను పట్టుకున్నాడు. తర్వాత చైనా మొదటి చక్రవర్తి అయింది అతనే.

కొర్రన్నం ఉడికేలోగా

రాజ్యం పోయాక కూడా ఊరికి కథలు ఆగలేదు. ఎనిమిదో శతాబ్దంలో షెన్ జీజీ అనే రచయిత హాన్‌దాన్ దారిలోని ఒక సత్రంలో కథ నడిపాడు. లూ అనే పేద యువకుడు తన దరిద్రం గురించి ఒక తావో సాధువుతో గోడు వెళ్లబోసుకుంటున్నాడు. సత్రం యజమాని అన్నానికి ఎసరు పెట్టాడు. సాధువు రెండు చివరలా రంధ్రాలున్న పింగాణీ తలగడ ఇచ్చి పడుకోమన్నాడు. లూ ఆ రంధ్రంలోంచి లోపలికి వెళ్లాడు. పెద్దింటి పిల్లతో పెళ్లి, పరీక్షలో నెగ్గడం, పదవులు, అపనిందతో పతనం, మళ్లీ మంత్రి పదవి, అయిదుగురు కొడుకులు, మనవలు, ఎనభై దాటాక మరణం. కళ్లు తెరిస్తే పక్కన సాధువు ఉన్నాడు, పొయ్యి మీద అన్నం ఇంకా ఉడకలేదు.

‘హువాంగ్ ల్యాంగ్ యీ మెంగ్’, పచ్చకొర్రల కల. ‘ల్యాంగ్’ అంటే కొర్రల్లో మేలురకం. ఇంగ్లీషులో చదివితే ఏదో చిరుధాన్యం అని సరిపెట్టుకోవాల్సి వస్తుంది. రాయలసీమలోనో పాలమూరులోనో కొర్రన్నం తిన్నవారికి ఆ ఎసరు ఎంతసేపో తెలుసు. బియ్యం కన్నా కాస్త ఆలస్యం, అంతే. అంతసేపట్లో ఎనభై ఏళ్ల జీవితం అయిపోయింది. హాన్‌దాన్ శివార్లలో ఈ కథ పేరున ఒక గుడి ఉంది, అందులో లూ పడుకుని నిద్రపోతున్న రాతి విగ్రహం ఉంది.

చదువుకో, వ్యాపారానికో చైనావాళ్లతో మాట్లాడే మన పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వారికి ఒక సూచన. చెంగ్‌యూలో అర్థం తెలిస్తే సరిపోదు, ఎవరి గురించి అనాలో కూడా తెలియాలి. మావ్ స్వే మాట తన్ను తాను ముందుకు తెచ్చుకున్నప్పుడే, ఇంకొకరిని సిఫారసు చేసేటప్పుడు వాడితే నవ్వుతారు. కాగితం మీది యుద్ధం మన ఆలోచన గురించి మనమే అంటే వినయం, ఎదుటివారి ఆలోచన గురించి అంటే తిట్టు. పరుల పుణ్యాన పని అయినవాళ్లన్న మాట తోటి ఉద్యోగి మీద ప్రయోగించకపోవడమే మంచిది. మొదట నేర్చుకోవలసింది మాత్రం వావిలి బెత్తాల మాటే. మిగతావాటిలో తప్పు దొర్లినప్పుడు అది అక్కరకొస్తుంది.